పిల్లోడి చేత క్వార్టర్ తెప్పిస్తాం, మళ్ళీ వాడికే "తాగకురా" అని చెప్తాం

పోస్టు పొడుగ్గా ఉంటుంది. తీరిక చేసుకుని చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ చదివి తిట్టండి.

మన గూడేల్లో మందు గురించి పిల్లలతో రెండే రకాలుగా మాట్లాడతారు. ఒకటి, "తాగితే చస్తావ్, లివర్ పోద్ది" అని. ఇది బడికొచ్చి మైకు పట్టుకున్నవాళ్ళు చెప్పేది. రెండోది, "మన ఆచారమేరా, ఒక గుక్క తాగితే ఏం కాదు" అని. ఇది పెళ్ళి పందిట్లో దొప్ప చేతికిచ్చి మన చుట్టాలే చెప్పేది. నా వాదన ఒక్కటే. ఈ రెండూ అబద్ధాలే. పిల్లోడికి పదమూడేళ్ళు వచ్చేసరికి రెండూ అబద్ధాలని వాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత మందు గురించి మనం చెప్పేది ఏదీ నమ్మడు. పక్క మంచం మీద పడుకునే తొమ్మిదో తరగతి వాడు చెప్పింది నమ్ముతాడు.

"తాగితే చస్తావ్" ఎలా అబద్ధమో చూడండి. వాడి తాత డెబ్బై ఏళ్ళ నుంచి ఇప్పసారా తాగుతున్నాడు, ఇప్పటికీ పొద్దున్నే లేచి పొలం పోతాడు. పిల్లోడు కళ్ళారా చూస్తున్నాడు. మైకు మాట నమ్మాలా, తాతని నమ్మాలా? "ఏం కాదు" అనేది కూడా వాడు చూస్తూనే ఉన్నాడు. సంత రోజు రాత్రి అవ్వ ఎందుకు వండిన గిన్నె తీసుకుని పక్కింటికి పోతుందో వాడికి తెలుసు. చెల్లెలు పుస్తకాల సంచి ఎక్కడ దాచుకుంటుందో తెలుసు. వాడికి తెలిసిన ఈ రెండు నిజాలనీ కలిపి, మధ్యలో ఉన్న లెక్క చెప్పేవాళ్ళు కావాలి. ఆ లెక్క అమ్మానాన్నలే చెప్పాలి. అది కూడా ఎవడో వాడి చేతికి గ్లాసు ఇవ్వకముందే చెప్పాలి.

ముందు "ఆచారం" సంగతి తేల్చుకుందాం. లేకపోతే కింద కామెంట్లన్నీ దాని మీదే వస్తాయి.

కల్లు, ఇప్పసారా మనవి కావని నేను అనను. 1879లో రంప పితూరీ ఎందుకు లేచింది? తాటికల్లు, జీలుగుకల్లు ఇంటి వాడకానికి గీసుకునే హక్కు కూడా తీసేసి, కల్లు మీద ఆదాయం కాంట్రాక్టరు చేతికి పోయే పద్ధతి పెట్టారు. చిగురుపన్ను అని ముత్తాదారుల మీద, వాళ్ళ ద్వారా మన జనం మీద వేశారు. ఆ కడుపుమంట పితూరీకి ఒక ముఖ్య కారణం. అంటే మన చెట్టు మీద మన హక్కు కోసం మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. ఇది పిల్లలకి గర్వంగా చెప్పాల్సిన చరిత్ర.

అయితే ఆ చరిత్ర చూపించి బెల్టుషాపు క్వార్టర్‌ని సమర్థిస్తే మాత్రం ఒప్పుకోను. మన పద్ధతిలో సారాకి ఒక వేళ ఉంది. పువ్వు రాలే కాలం, పండుగ, పెళ్ళి, చావు. ముందు నేల మీద విదిలించి వేల్పుకి, పెద్దలకి ఇస్తాం. దొప్ప వయసు వరసలో తిరుగుతుంది. ఇంటి కుండలో వండినంతే ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. మూడొందల అరవై ఐదు రోజులూ, పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా, అప్పు మీద దొరికే సీసాకి ఈ హద్దులేవీ లేవు. ఆ రెంటినీ ఒకే పేరుతో "ఆచారం" అంటే మన వేల్పుకి అవమానం. పిల్లోడికి మొదట చెప్పాల్సిన తేడా ఇదే. "వేల్పుకి పోసింది వేరు, బెల్టుషాపుది వేరు. రెండిట్లోనూ నీ వంతు ఇప్పుడు లేదు."

దీనికి పెద్దోళ్ళు ఒక మాట అంటారు. "చిన్నప్పటి నుంచి ఇంట్లోనే కొంచెం కొంచెం పోస్తే అలవాటు పడి, బయట అతి చెయ్యడు" అని. వినడానికి బాగుంటుంది. ఆస్ట్రేలియాలో దీన్నే పరీక్షించారు. సుమారు 1900 మంది పిల్లల్ని పన్నెండు, పదమూడేళ్ళ వయసు నుంచి ఆరేళ్ళు వెంబడించి చూసి, 2018లో ఫలితాలు బయటపెట్టారు. అమ్మానాన్నలు పోసిన పిల్లలకి ఏ రక్షణా కనపడలేదు. పైగా అలా ఇంట్లో తాగిన పిల్లలు ఏడాది తిరిగేసరికి బయట వేరేవాళ్ళ దగ్గర తీసుకోవడం ఎక్కువైంది. ఆస్ట్రేలియా వేరు, మన ఊరు వేరు, నిజమే. కానీ "ఇంట్లో పోస్తే మంచిది" అనేవాళ్ళ దగ్గర ఈమాత్రం రుజువు కూడా లేదు. అమెరికాలో 1997లో ప్రచురించిన ఇంకో పెద్ద సర్వేలో, పదిహేనేళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళలో బానిసలైనవాళ్ళు, ఇరవై ఒకటి దాటాక మొదలుపెట్టినవాళ్ళలో కన్నా సుమారు నాలుగు రెట్లు ఉన్నారు. తొందరగా మొదలుపెట్టడమే మొత్తం కారణం అని దాని అర్థం కాదు. ఇంట్లో గొడవలు, పేదరికం కూడా అందులో ఉంటాయి. కానీ మొదటి గుక్కని ఎంత వెనక్కి జరిపితే అంత మంచిదనే మాట దాటేసేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?

మా వైపు, అంటే భద్రాచలం ఏజెన్సీ కోయ గూడేల్లో, పిల్లల ఏడాది ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఆశ్రమ పాఠశాల. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, సారా వండుతారు. ఏప్రిల్ చివర బడికి సెలవులు, అప్పుడే పెళ్ళిళ్ళు. అదే వేళకి తునికాకు కోత, చేతిలో నాలుగు డబ్బులు. జూన్‌లో మళ్ళీ హాస్టల్. ఇప్పుడు ఎనిమిదిలోకి పోయేవాడి ముందు రెండు గండాలున్నాయి. మొదటిది మే నెల పెళ్ళి పందిరి, అక్కడ బావలు పోస్తారు. రెండోది జూన్ తర్వాత హాస్టల్, అక్కడ పై తరగతి వాళ్ళు ఆదివారం కూల్‌డ్రింకు సీసాలో కలిపి తెస్తారు. అందుకే చెప్పాల్సిన వేళ ఏడో తరగతి సెలవుల మొదటి వారం. దసరాకి చెప్తాంలే అనుకుంటే అప్పటికే ఎవడో చెప్పేసి ఉంటాడు.

ఎక్కడ చెప్పాలి? ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే పిల్లోడు గోడ చూస్తాడు. చేతుల్లో పని ఉన్నప్పుడు, పక్కపక్కన ఉన్నప్పుడు మాట వస్తుంది. మనకి అలాంటి చోటు ఉంది. పొద్దున కోసుకొచ్చిన తునికాకుని మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని యాభై యాభై ఆకులు కట్ట కడతాం కదా, అదే చోటు. ఎవరి కళ్ళూ ఎవరి మీదా ఉండవు. లేచిపోవడానికి కట్టలు ఒప్పుకోవు. ఒకేసారి గంటసేపు ఉపన్యాసం వద్దు. మూడు మధ్యాహ్నాలు, రోజుకి పావుగంట చాలు.

మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఇది ఎలా నడిచిందో చెప్తాను. అక్క కూలికి పోతుంది, బావ ట్రాక్టరు నడుపుతాడు. సంత రోజు తాగుతాడు, అది ఊరందరికీ తెలుసు. వాళ్ళ పిల్లోడు ఏడు పూర్తిచేసి ఎనిమిదిలోకి పోతున్నాడు. అక్క అడిగినా, బావ ఒప్పుకున్నా పేర్లు రాయను.

మొదటి మధ్యాహ్నం అక్క మొదలుపెట్టింది. "మీ హాస్టల్లో ఎవరు తాగుతారురా?" అని అడగలేదు. అలా అడిగితే స్నేహితుల మీద చాడీ చెప్పమన్నట్టు, వాడు నోరు విప్పడు. "మీ పెద్ద తరగతుల వాళ్ళు మందు గురించి ఏమనుకుంటారు?" అని అడిగింది. వాడు కాసేపు ఆకులు సరిచేసి, "బీరు మందు కాదంట. కూల్‌డ్రింకు లాంటిదేనంట" అన్నాడు. చూశారా, వాడికి ఆ పాఠం అప్పటికే మొదలైపోయింది.

అక్క "కాదురా, తప్పు" అనలేదు. ఇంటి వెనక పడున్న ఖాళీ సీసాలు రెండు తెచ్చి వాడి ముందు పెట్టింది. "నువ్వు లెక్కల్లో ఫస్టు కదా, సీసా మీద ఏముందో చదివి చెప్పు" అంది. క్వార్టర్ సీసా మీద 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం అని ఉంది. అంటే అందులో అసలు ఆల్కహాల్ సుమారు 77 మిల్లీలీటర్లు. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, 8 శాతం. అంటే 52 మిల్లీలీటర్లు. పిల్లోడే కట్టెపుల్లతో నేల మీద లెక్క కట్టాడు. కూల్‌డ్రింకు అనుకున్న బీరు సీసాలో, క్వార్టర్‌లో ఉన్న మందులో మూడింట రెండు వంతులు ఉంది. వాడి చేత్తో వాడే తేల్చుకున్నాడు కాబట్టి హాస్టల్లో ఎవడు చెప్పినా ఆ లెక్క చెరిగిపోదు.

తర్వాత అక్క ఇంకో ప్రశ్న వేసింది. "మీ నాన్న లాంటి పెద్దమనిషి ఒంట్లో నుంచి గంటకి సుమారు పది మిల్లీలీటర్లే దిగుద్దంట. మరి క్వార్టర్ దిగడానికి ఎంతసేపు?" ఏడెనిమిది గంటలు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, నెత్తిన నీళ్ళు పోసినా ఆ గంటలు తగ్గవు. ముప్ఫై ఎనిమిది కిలోల పిల్లోడికి రక్తం తక్కువ, ఒంట్లో నీరు తక్కువ. అదే గ్లాసు వాడిలో చాలా ఎక్కువ పనిచేస్తుంది. ఆడపిల్లల ఒంట్లో నీరు ఇంకా తక్కువ కాబట్టి వాళ్ళకి మరింత తొందరగా ఎక్కుతుంది. ఇది కూతుళ్ళకి కూడా చెప్పాలి. "ఆడపిల్ల కదా, తాగదులే" అని వదిలేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. కూల్‌డ్రింకులో కలిపి ఇచ్చేవాడు ఆడ, మగ చూడడు.

ఇప్పసారా లెక్క ఏంటి అని పిల్లోడు అడిగాడంట. మంచి ప్రశ్న. దానికి సీసా మీద చీటీ ఉండదు. కుండలోంచి మొదట దిగే చుక్క ఘాటు, చివర దిగేది చప్పన. ఏ దొప్పలో ఎంత ఉందో వండినవాళ్ళే రుచి చూసి చెప్పాలి. కల్లు కూడా అంతే. చెట్టు దిగినప్పుడు తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసి ఇంకోలా మారుతుంది. "అందుకే అది తెలిసినవాళ్ళ పని, నీది కాదు" అని అక్క చెప్పింది. అందులో అబద్ధం లేదు, భయపెట్టడం లేదు.

రెండో మధ్యాహ్నం బావ వంతు. ఇక్కడే మన ఇళ్ళల్లో అంతా చెడేది. "నేనే తాగుతాను, నాకు చెప్పే ముఖం ఎక్కడుంది?" అని నాన్నలు తప్పుకుంటారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. తాగే నాన్నకే చెప్పే అధికారం ఎక్కువ. ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు ఆయనొక్కడే. మైకు పట్టుకున్న సారుకి అది తెలియదు. కాకపోతే రెండు షరతులు. తాగని రోజు చెప్పాలి. నిజం చెప్పాలి.

బావ చెప్పిన మాటలు అక్క నాకు చెప్పింది. "నీకన్నా రెండేళ్ళు పెద్దప్పుడు పెళ్ళిలో తాగాను. రుచి నచ్చలా. నవ్వుతారని తాగాను. చాలా ఏళ్ళు పండగకే తాగేవాణ్ణి. డ్రైవరు పనిలో పడ్డాక సంత సంతకీ అయింది. ఇప్పుడు సంత రోజు సాయంత్రం అయితే కాళ్ళు అటే పోతాయి. నేను పోనిస్తున్నానో, అవే పోతున్నాయో నాకే తెలీదు."

పిల్లోడు ఊరుకోలేదు. ప్రతి పిల్లోడూ అడిగే ప్రశ్నే అడిగాడు. "మరి నువ్వెందుకు మానవు?"

ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. కొందరు నాన్నలు కోప్పడతారు. అప్పుడు పిల్లోడికి అర్థమయ్యేది, మందు గురించి అడిగితే దెబ్బలు పడతాయని. కొందరు "రేపటి నుంచి మానేస్తా" అని ఒట్టేస్తారు. వచ్చే సంతకి ఒట్టు పోతుంది, దాంతోపాటు నాన్న మాట విలువ మొత్తం పోతుంది. కొందరు "కష్టం మర్చిపోవడానికి రా" అంటారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. కష్టమొస్తే తాగాలి అని పిల్లోడికి దారి చూపించినట్టే. రేపు పరీక్ష తప్పితే వాడికి గుర్తొచ్చేది ఆ మాటే.

బావ ఏమన్నాడంటే, "రెండుసార్లు మాని చూశాను. చేతులు వణికాయి, నిద్ర పట్టలా. మళ్ళీ తాగాను. నాకు ఇప్పుడు కష్టంగా ఉంది, నీకు ఇంకా మొదలే కాలేదు. మొదలుకానప్పుడు ఆపడం తేలిక. అందుకే నీకు చెప్తున్నా." అంతే. ఒట్టు లేదు, ఏడుపు లేదు.

ఇక్కడ ఒక మాట, నాన్నలకి సాయం చెయ్యాలనుకునే మనవాళ్ళ కోసం. రోజూ ఎక్కువ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కల్తీ కల్లుకి అలవాటుపడ్డవాళ్ళకి కూడా ఇదే గండం, ఎందుకంటే అందులో మత్తు మాత్రల మందు కలుపుతారు. అలాంటివాళ్ళని ఒట్టు వేయించి ఇంట్లో కట్టేసి ఉంచకండి, ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకి చూపించి మాన్పించాలి. సలహాకి 14446 అనే ఉచిత నంబరు ఉంది.

మూడో మధ్యాహ్నం సాధన. "వద్దని చెప్పరా" అంటే సరిపోదు. పెళ్ళిలో పోసేది శత్రువు కాదు, బావ. మనలో బావా బావమరుదుల మధ్య సరసం ఎలా ఉంటుందో తెలుసు కదా. "నీకింకా మీసం రాలేదా? అవ్వ కొంగు పట్టుకో పో" అంటాడు. దానికి నీతి చెప్తే పిల్లోడు నవ్వులపాలవుతాడు. సరసానికి సరసమే జవాబు. అక్క బావగా, పిల్లోడు పిల్లోడుగా ఆడి చూశారు. చివరికి రెండు జవాబులు వాడికి కుదిరాయి. ఒకటి, "నువ్వు పడిపోతే ఇంటికి మోసేది ఎవరు బావా? నన్ను ఒళ్ళు తెలిసి ఉండనీ." రెండోది పెద్దవాళ్ళు ఇచ్చినప్పుడు, వేల్పు పేరు చెప్పి ఇచ్చినప్పుడు. దొప్ప తీసుకుని కళ్ళకద్దుకుని, పక్కనున్న తాతకి ఇవ్వడం. దాంతో వేల్పుకి మర్యాద, పెద్దలకి మర్యాద, గొంతులోకి చుక్క పోదు. కాదని తోసెయ్యడం కన్నా ఇది మన పద్ధతికి దగ్గర.

హాస్టల్‌కి వేరే మాట కావాలి. అక్కడ ఒకసారి వద్దంటే ఊరుకోరు, నాలుగుసార్లు అడుగుతారు. ప్రతిసారీ కొత్త కారణం వెతికితే వాళ్ళు ఒక్కో కారణాన్నీ కొట్టేస్తారు. ఒకే మాట, అదే గొంతుతో, నాలుగుసార్లూ చెప్పాలి. "నాకొద్దన్నా." తర్వాత అక్కడ కూర్చోకుండా లేచి, ఏదో ఒక పనికి పోవాలి. పళ్ళెం కడగడానికి పోయినా చాలు.

అన్నిటికన్నా పెద్దది ఆఖర్న అక్క చెప్పిన మాట. "ఒకవేళ తాగావే అనుకో. లేదా నీ పక్కవాడు తాగి పడిపోయాడనుకో. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. ఆ రాత్రి నేను తిట్టను, కొట్టను. తెల్లారాక మాట్లాడుకుందాం." దీన్ని చాలామంది ఒప్పుకోరని నాకు తెలుసు. "ఇలా చెప్తే తాగమని లైసెన్సు ఇచ్చినట్టే కదా" అంటారు. కాదు. తాగితే ఏమీ అనను అని అక్క చెప్పలేదు, తెల్లారాక మాట ఉంటుందని చెప్పింది. ఆ రాత్రి మాత్రం ప్రాణం ముందు. హాస్టళ్ళలో పిల్లలు పడిపోయిన స్నేహితుణ్ణి దుప్పటి కప్పి దాచేస్తారు. వార్డెన్‌కి తెలిస్తే టీసీ ఇస్తారని, ఇంట్లో తెలిస్తే చంపేస్తారని. వాంతి గొంతుకి అడ్డం పడి ఊపిరి ఆగిపోయేది అలాంటప్పుడే.

అందుకే ఈ నాలుగు ముక్కలు కూడా నేర్పాలి. పడిపోయినవాణ్ణి వెల్లకిలా ఉంచొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఒంటరిగా వదలొద్దు. వేలు పెట్టి కక్కించొద్దు. లేపితే లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్ళు చల్లబడి పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చెయ్యి. సారా తాగిన మర్నాడు చూపు మసకబారిందంటే అది హ్యాంగోవర్ కాదు, కల్తీలో విషం పడి ఉండొచ్చు, అప్పుడు కూడా వెంటనే ఆసుపత్రే.

మే నెల పెళ్ళిలో ఏమైంది అని అడుగుతారు. దొప్ప వచ్చింది, వాడు కళ్ళకద్దుకుని తాతకి ఇచ్చాడు. నాకు ముఖ్యంగా తోచింది అది కాదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక, తనతోపాటు చదివేవాడు తాగి కక్కుకున్నాడని వాడంతట వాడే అక్కతో చెప్పాడు. అక్క "వాడితో తిరగకు" అనలేదు. "ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగింది. మాట పనిచేసిందా లేదా అని తెలుసుకునే గుర్తు ఇదే. పిల్లోడు తాగాడా లేదా అనేది మనకి ఎప్పటికీ పూర్తిగా తెలియకపోవచ్చు. కానీ అడక్కుండా వచ్చి చెప్తున్నాడంటే దారి తెరుచుకునే ఉంది. మనం అడుగుపెట్టగానే మాట ఆపేస్తున్నాడంటే దారి మూసుకుపోయింది, మళ్ళీ తునికాకు దగ్గర కూర్చోవాల్సిందే.

రేపు వాడు ఏం చేస్తాడో ఎవరూ హామీ ఇవ్వలేరు. పదో తరగతిలో తాగొచ్చు. అయినా సరే, లెక్క తెలిసి, ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి ఉన్న పిల్లోడు, ఏదీ తెలియని పిల్లోడు ఒకటి కాదు.

ఇక టైటిల్‌లో పెట్టిన మాటకొస్తాను. ఈ మూడు మధ్యాహ్నాల మాటలన్నీ ఒక్క పనితో కొట్టుకుపోతాయి. "ఒరేయ్, పోయి ఒక క్వార్టర్ పట్రా" అనడంతో. మన గూడేల్లో ఎంతమంది పిల్లలు ఇది చేస్తున్నారో మీకు తెలుసు. బ్రాండు పేరు, రేటు, అప్పు పుస్తకంలో ఎంత ఉంది, అన్నీ వాడికి ఎక్కాల కన్నా బాగా వచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒకటి నిండనివాళ్ళకి మందు అమ్మడం చట్టరీత్యా నేరం. బెల్టుషాపే చట్టానికి విరుద్ధం. అమ్మేవాడి మీద కేసు పెట్టమని అడిగే ముందు, పంపేవాళ్ళం మనమే అని ఒప్పుకుందాం. నాన్న తాగాలనుకుంటే నాన్నే నడిచి పోవాలి. ఇది మానడం కన్నా తేలిక, ఈరోజే చెయ్యొచ్చు. ఇంట్లో ఒక్క నియమమే పెట్టగలిగితే ఇదే పెట్టండి.

"మా నాన్నకి ఇవన్నీ చెప్పడం రాదు, అవ్వకి చదువు లేదు" అని మీలో చాలామంది అనుకుంటున్నారు. సీసా మీద అంకెలు చదవడానికే అక్షరం కావాలి, అది పిల్లోడికి వచ్చు. మిగతా అంతా నిజం చెప్పడమే, దానికి చదువు అక్కర్లేదు. మన పని వేరే ఉంది. డిగ్రీలో, పీజీలో ఉన్న మనం సెలవులకి ఇంటికి పోయినప్పుడు అవ్వని, అయ్యని ముందు కూర్చోబెట్టి ఈ మూడు మధ్యాహ్నాలు వాళ్ళకి చెప్పాలి. వాళ్ళ బదులు మనం పోయి తమ్ముడికి ఉపన్యాసం ఇస్తే పనికాదు. అన్న ఊళ్ళో రెండు వారాలుంటాడు, అవ్వా అయ్యా ఏడాదంతా ఉంటారు. అన్నట్టు, పెళ్ళిలో దొప్ప పట్టుకుని తమ్ముడి మీద సరసమాడే ఆ "బావ" ఎవరో కూడా ఒకసారి చూసుకోండి. అది మన వయసువాళ్ళే. ఈ గ్రూపులో ఉన్నవాళ్ళే.

ఇంటి మాట ఇంట్లో సరిపోతుంది, ఊరి మాట ఊరు తేల్చాలి. బడికి పోయే దారిలో బెల్టుషాపు ఉంటే, ఏ అవ్వ ఎంత బాగా చెప్పినా రోజూ రెండుసార్లు ఆ మాట చెరిగిపోతుంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకి, పంచాయతీకి దక్కేలా చేసింది. ఇప్పచెట్టు మనది, అది ఉంచుకుందాం. బడి దారిలో సీసా అమ్మకం వద్దని తీర్మానం రాసుకుందాం. రెండూ ఒకే గ్రామసభలో చెప్పొచ్చు, అందులో ఏ వైరుధ్యం లేదు.

సెలవులు దగ్గరకొస్తున్నాయి. ఇప్పపువ్వు రాలడం మొదలైంది. మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఈ ఏడాది ఎనిమిదిలోకి పోయే పిల్ల, పిల్లోడు ఎవరున్నారో ఇప్పుడే గుర్తు చేసుకోండి. పెళ్ళి పందిరి పడకముందే వాళ్ళ అవ్వకి ఫోన్ చెయ్యండి.

జై ఆదివాసీ.